మున్షీ అబద్ధమాడాడా?

మర్నాడు సెమినార్‌లో చదవాల్సిన వ్యాసం పట్టుకుని నర్మద హాస్టల్ వరండాలో కూర్చుంది. ఎదురుగా రూమ్మేటు యుమ్నా, ఒళ్లో పల్లీల పొట్లం. ఎం.ఏ. ఇంగ్లీషులో చేరినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. నర్మద ఏం రాసినా ముందు వినాల్సింది యుమ్నాయే. నర్మద వాళ్లది పెద్దపల్లి దగ్గర మరమగ్గాల ఇల్లు, యుమ్నా వాళ్లకు కాగజ్‌నగర్‌లో చిన్న బట్టల దుకాణం. చదువుకు కరీంనగర్ వచ్చాకే ఒకరికొకరు తెలుసు. ఇప్పుడు మాత్రం ఒకరు లేకుండా ఒకరు టీ కూడా తాగరు.

వ్యాసం ఓ పాత ఇంగ్లీషు నవల మీద. ఆదిలాబాద్ అడవుల్లో జరిగే కథ. నిజాం సర్కారు కొలువుకు వచ్చిన మార్‌స్టన్ అనే తెల్లదొర, అడవి అధికారి, తన కథ తానే చెప్పుకుంటాడు. దాన్ని వలసానంతర దృష్టితో చదవాలి. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. ఏలినవాడు రాసుకున్న పుస్తకాన్ని ఏలుబడిలో నలిగినవాళ్ల పక్కన నిలబడి మళ్లీ చదవడం, అంతే. కథ జరిగే చోటును ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఎవరి మాటకు మర్యాద దక్కింది, పెత్తనం ఎవరి చేతిలో ఉంది అని అడుగుతూ పోవాలి.

నర్మద గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మార్‌స్టన్ అడవిని చూసి 'మనుషులెరుగని చోటు' అంటాడు. ఆ మాట అన్న పేజీలోనే కాలిబాట ఉంది, ఇప్పచెట్ల కింద ఊడ్చిన నేల ఉంది. మనుషులు లేకుండా ఎవరు ఊడ్చారు? దొరగారి కుక్కకు పేరుంది, తుపాకికి పేరుంది, వంటవాడికి మాత్రం లేదు.

"కుక్కపాటి చెయ్యలేదా పాపం!" అంది యుమ్నా పల్లీ నోట్లో వేసుకుంటూ.

"ఇంక విను. దొర వచ్చీరాని హిందుస్తానీల మాట్లాడితె, పుస్తకంల అది చక్కటి ఇంగ్లీషయితది. వంటాయన తన సొంత భాషల మాట్లాడితె అది ముక్కలు ముక్కల ఇంగ్లీషయితది. తన భాష తనకు రానట్టు!"

"అబ్బ! దొరకబట్టినవ్ పో!"

ఈ ముక్క రాస్తున్నప్పుడు నర్మదకు ఒళ్లు మండింది. డిగ్రీలో ఆమె 'వచ్చిండు' అన్నప్పుడల్లా నవ్విన ఒక మాస్టారు గుర్తొచ్చాడు. అందుకే ఆ పేజీలు అంత బాగా వచ్చాయి. తర్వాత పెత్తనం గురించి రాసింది. దొర పటం మీద ఓ గీత గీస్తాడు. ఆ గీతతో గోండుగూడెం సర్కారు అడవిలోకి పోతుంది, గూడెంలో పుట్టినవాళ్లు చొరబడ్డవాళ్లవుతారు. ఖాళీ చేయమంటే గూడెం ముసలవ్వ దొర ముందుకొచ్చి చాలాసేపు మాట్లాడుతుంది. దొరకు మాటలు తిప్పి చెప్పే గుమాస్తా, పక్కనున్న మున్షీ, దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, "కుదరదంటుంది సర్కార్" అని. మున్షీ మాట దాచాడని మార్‌స్టన్ వాడిని కొలువులోంచి తీసేస్తాడు. గూడెం మాత్రం ఖాళీ అయిపోతుంది.

ఇక్కడే నర్మద తన గొప్ప పేరా రాసింది. నిజాం ఉర్దూకు ప్రతినిధి అయిన కపటి మున్షీ ఆదివాసీ స్త్రీ గొంతు నొక్కాడని. సెమినార్ నడిపే పద్మలత మేడం ముందే చూసి, దీన్నే పెంచి పెద్ద వ్యాసం చెయ్యమని మెచ్చుకున్న పేరా అది.

పల్లీలు వొలుస్తున్న యుమ్నా చెయ్యి ఆగింది.

"గా మున్షీ అబద్ధం చెప్పిండని నీకెవలు చెప్పిన్రు?"

"నవలలనే ఉన్నది కదనే."

"నవలల చెప్పింది మార్‌స్టన్. గాయనకు గోండీ వస్తదా?"

"రాదు."

"తెలుగు?"

"అదీ రాదు."

"మరి మున్షీ మాట మింగిండని గాయనకెట్ల ఎరుక? అడవి ఖాళీగున్నదంటె నమ్మకపోతివి. వంటాయనకు మాటలు రావంటె నమ్మకపోతివి. మున్షీ దొంగ అనంగనే నమ్మినవ్. ఎందుకు నమ్మినవే?"

నర్మదకు రోషం వచ్చింది. "గా కాలంల సర్కారు ఉర్దూ దఫ్తర్లు జనాన్ని పరేషాన్ చెయ్యలేదా?"

"చేసినయ్. నేను కాదన్ననా? కని గీ మున్షీ చేసిండని గీ పుస్తకంల ఏడున్నది?" యుమ్నా ఒళ్లోని పొట్లం కింద పెట్టింది. "బడికి పోయినప్పటి సంది 'మీ నిజాం, మీ నిజాం' అంటనే ఉన్నరు నన్ను. మా తాత కాగితం మిల్లుల వెదురు మోసిండు. నిజాంను ఆయన గూడ ఫొటోలనే చూసిండు. నువ్వు గూడ గట్లనే అంటవని అనుకోలే."

పొట్లం అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం టీకి పిలవలేదు. మెస్‌లో వేరే బల్ల దగ్గర కూర్చుంది.

'ఇంతమాత్రానికే అలకా!' అని నర్మద కాసేపు మూతి ముడుచుకుంది. మేడం మెచ్చిన పేరాను ఎలా వదులుకుంటుంది? కానీ మనసు ఊరుకుంటేనా! ఆ అధ్యాయం మళ్లీ తీసింది. ముసలవ్వ మాటల్ని మార్‌స్టన్ 'పిట్టల గోల' అన్నాడు. గోలే అయితే, అందులోంచి ఏం తప్పిపోయిందో వాడికెలా తెలిసింది? దొంగ అన్నప్పుడు మున్షీ ఏమన్నాడు? ఏమీ అనలేదు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడట. వాడి నోట మరో మాట పుస్తకంలోనే లేదు. ఇదంతా ముందు చదివినప్పుడూ కళ్లెదుటే ఉంది. చిన్నప్పుడు ఇంట్లో విన్న కథల్లో టోపీ మున్షీ అంటే కపటే. ఆ అనుమానం తనలో ముందే ఉంది, దొర దాన్ని వాడుకున్నాడు. నర్మదకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

మర్నాడు సెమినార్ గది నిండింది. యుమ్నా చివరి బెంచీలో, కిటికీ వైపు తిరిగి. నర్మద అడవి గురించి చదివింది, భాష గురించి చదివింది, మున్షీ దగ్గర కాగితం దించేసింది.

"మేడం, ఈ పేరా నేను చదువలేను."

పద్మలత మేడం కళ్లజోడు తీశారు. "అదే కదమ్మా అన్నిటికంటె మంచిగున్నది?"

"తప్పు మేడం. దొర కండ్లను నమ్మొద్దని రాసి, మున్షీ కాడికి రాంగనే గా కండ్లతోనే చూసిన."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"యుమ్నా చెప్పింది మేడం. ఆమె ఏమన్నదంటే..."

నర్మద ఆగిపోయింది. మనిషి గదిలోనే ఉంది, ఆమె మాట తాను చెబుతోంది. తనకు నచ్చినంత చెప్పి, నచ్చనిది మింగేస్తే ఎవరికి తెలుస్తుంది?

"ఆమె ఈడనే ఉన్నది మేడం. ఆమెనే చెప్తది."

అందరూ వెనక్కి తిరిగారు. యుమ్నా లేవలేదు. లేవకపోతే ఇక హాస్టల్ గదిలో రెండు మంచాలే మిగులుతాయి, స్నేహం మిగలదు. మేడం ఏదో అనబోయేలోపు బెంచీ కిర్రుమంది.

"మున్షీ మంచోడని నేను అంటలేను మేడం," అంది యుమ్నా నిలబడి. "ముసలవ్వ తిట్టిందేమో. తిట్టు తిట్టులెక్కనే చెప్తె ఆమెను కట్టేస్తరని దాచిండేమో. లేకుంటె నిజంగనే ఆమె మాట మింగిండేమో. పుస్తకం మనకు తెల్వనియ్యలే. దొరకు మాత్రం మున్షీ దొంగ కావాలె. గూడెం లేపిన పాపం ఎవని నెత్తిమీదనన్న పెట్టాలె గద. ముసలవ్వ ఏమన్నదో ఎరుకున్నది ఆడ ఒక్క మున్షీకే. గాయనను గూడ ఎల్లగొట్టిన్రు. ఇగ ఆమె మాట ఎవలకు దొరుకుతది?"

పద్మలత మేడం నర్మద కాగితం తీసుకుని, తాను మెచ్చుకుంటూ గీసిన గీతను తానే కొట్టేశారు. "నేను గూడ నమ్మిన చూడండి," అన్నారు మెల్లగా. "నర్మదా, ఇదే పెంచి రాయి. దొర చెప్పిందే కాదు, మనం ఎందుకు నమ్మినమో గూడ రాయి."

నర్మద వచ్చి చివరి బెంచీ పక్కన నిలబడింది, కూర్చోమంటుందో లేదోనని. యుమ్నా ఆమె వైపు చూడకుండానే జరిగి చోటిచ్చింది.

"కోపం పోయిందానే?" అంది నర్మద గుసగుసగా.

"కోపమెక్కడిది? బాధయింది." యుమ్నా కళ్లు తుడుచుకుని మోచేత్తో ఓ పొడుపు పొడిచింది. "మల్ల రాసినంక ముందుగాల నాకే చదవాలె. పల్లీలు నువ్వే తేవాలె."