సగం తెలుగైన లాప్‌టాప్

ఆయన కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి. మెదడులో గడ్డకట్టిన రక్తం ఆఫీసు భాష చదవడాన్ని మాత్రం ఊడ్చుకుపోయింది. తెలుగు మిగిలింది, అదీ కూడబలుక్కుని. చేసేది ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం. సోమవారం వచ్చి ఒక్క ప్లాను గీసి చూపిస్తే కుర్చీ ఆయనదేనన్నాడు పెద్దసారు. మంచివాడే. ఎందుకైనా మంచిదని ఆ కుర్చీలోకి ఇంకొకర్ని కూడా చూసిపెట్టుకున్నాడు.

భార్య కొంగు బిగించింది. సెట్టింగుల్లోకెళ్లి ఆయన అకౌంటుకు తెలుగు దించి, తెర మీద భాషగా పెట్టింది. సైన్ అవుట్ చేయమంటావా అని లాప్‌టాప్ అడిగితే "తర్వాత" అని నొక్కింది. ఆ ఇంట్లో ఎవరేమడిగినా అదే జవాబు.

కొత్తగా తెరిచిన ప్రోగ్రాములు ఒకటి రెండు తెలుగులో పలికాయి. ముందునుంచీ తెరిచి ఉన్నవి ఉలకలేదు, పలకలేదు.

"ఇది తెలుస్తోంది. ఇది తెలీట్లేదు," అన్నాడాయన వేలితో చూపిస్తూ. "నా బుర్రే మళ్లీ..."

ఆమె తమ్ముడికి ఫోను కొట్టి స్పీకరులో పెట్టింది. అతను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు.

"బావ దాన్ని ఎప్పుడైనా ఆపాడా అక్కా?"

"మూత వేస్తారుగా."

"మూతేస్తే అది కునుకు తీస్తుంది, బావలాగే. ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడే తన మాటలు తెచ్చుకుంటుంది. తర్వాత నువ్వు భాష మార్చినా దానికేం తెలుస్తుంది? అచ్చయిపోయిన పుస్తకంలో అక్షరాలు వాటంతటవే మారతాయా? అన్నీ సేవ్ చేసి రీస్టార్ట్ కొట్టు. పాస్‌వర్డు అడిగే తెర పాత భాషలోనే ఉండొచ్చు. అది బావ అకౌంటుది కాదు, మెషీనుది. కంగారుపడకండి."

"విన్నారా? మీ బుర్ర తప్పేం లేదు," అందామె. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన మొదటిసారి నవ్వాడు.

రీస్టార్ట్ అయ్యింది. పాస్‌వర్డు తెర పాత భాషలోనే వచ్చింది. ఇద్దరూ కంగారుపడలేదు. లోపలికెళ్తే అంతా తెలుగే. "పత్రాలు... చిత్రాలు..." అని ఒకటో తరగతి పిల్లాడిలా పైకి చదువుతూ, ఉత్సాహంగా ప్లాన్లు గీసే ప్రోగ్రాం తెరిచాడు.

మెనూ మొదలు చివరి బటను దాకా, ఆఫీసు భాషే.

ఆమె వంటింట్లోకి పోయి మెల్లగా మళ్లీ ఫోను చేసింది.

"దానికి తెలుగు లేదక్కా," అన్నాడు తమ్ముడు, ఈసారి హాస్యమాడకుండా. "చేసినవాళ్లే పెట్టలేదు. ఎన్నిసార్లు ఆపి తెరిచినా అంతే."

"ఎవరితో మాటలు?" గదిలోంచి ఆయన. "ఇంకోసారి రీస్టార్ట్ చేద్దామా? కొన్ని మొండివి ఉంటాయేమో."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. చెబుదామని నోరు తెరిచింది. ఆయన అప్పటికే వేలు బటను మీద పెట్టుకుని, ఆమె ఊ అనడం కోసం చూస్తున్నాడు.

"చేయండి," అంది. అది ఆగి మళ్లీ తెరుచుకునేదాకానైనా ఆయన ఆశగా ఎదురుచూడొచ్చు.