పట్టా పక్కన ఎనిమిది జాగాలు

అఫ్జల్‌గంజ్ వెనక, మూసీ గట్టున ఊరి చెత్త పోసే చోట పద్నాలుగు మంది ఆడవాళ్లు గుడ్డపేలికలు, డబ్బాలు, ఎముకలు, గాజు ఏరి బతికేవాళ్లు. వాళ్లలో ఆగమ్మ చెయ్యి అందరికన్నా వడి. ఆమె పక్కనే కూర్చుని ఏరేది ఆడబిడ్డ సత్తెమ్మ. ప్రపంచ యుద్ధంతో పాత సరుక్కు గిరాకీ పెరిగి, ఆ ఏడు అక్కడే ఒక షెడ్డు కట్టాలని బల్దియా పైవాళ్లు తీర్మానించారు. నక్షా గీసే సిరాజుద్దీన్ వచ్చి సుద్దముక్కతో బండ మీద గీతలు గీశాడు.

"బండ్లు ఈడ దింపుతయి. ఈ ఏటవాలు రబ్బరు పట్టా మిషిన్‌తోని తిరుగుకుంట చెత్తను మీదికి తీస్కపోతది. పైన చదును పట్టా మెల్లగ నడుస్తది. రెండు దిక్కుల నిలబడి మీరు ఏరి, కింద గంపలల్ల ఏసుడు. మిగిలింది ఆఖర్ల బండిల పడ్తది."

"ఎంతమందిమి సాబ్?" అంది ఆగమ్మ.

"గంటకు పదకొండువందల ఇరవై శేర్ల చెత్త వస్తది. అందుల పావు సరుకు, రెండువందల ఎనభై. ఒక్కరు ఎంత ఏరుతరో చూస్తే తెలుస్తది."

పొద్దున్నే, చలువ పూట, అరగంట సేపు గడియారం పట్టుకుని ఆగమ్మ ఏరుడు చూశాడు. ఆమె సంబరంగా ఏరింది. తూచితే పదిహేడున్నర శేర్లు. గంటకు ముప్పై అయిదు. ఎనిమిది మంది చాలన్నాడు. నక్షాలో పట్టాకు అటు నాలుగు, ఇటు నాలుగు జాగాలు పడ్డాయి. పునాదులు పోశారు.

ఎంపికైన ఎనిమిది మందిలో సత్తెమ్మ లేదు.

"నువ్వు జర మెల్లగ ఏరితే ఏం పోయేది వదినా?" అంది సత్తెమ్మ. ఆగమ్మ మర్నాడు సిరాజుద్దీన్ కాళ్లమీద పడబోయింది.

"సాబ్, అది అరగంట బలం. దినమంతా నిలబడి గట్ల ఎవరు ఏరుతరు? మల్ల చూడుండ్రి."

అతడు మనసున్నవాడు. ఎనిమిది మందినీ తీసుకుని పొద్దుగూకేదాకా కొలిచాడు. తలకు గంటకు ఇరవై శేర్లే వచ్చింది.

"తప్పు నాదే ఆగమ్మా. పద్నాలుగు మంది కావాలె," అని కాగితం పట్టుకుని పెద్ద ఇంజనీరు దగ్గరికి పోయాడు. వాడిన మొహంతో తిరిగొచ్చాడు.

"పట్టా పొడుగు చేయమంటే రబ్బరు లేదంటున్నరు. అంతా లడాయికి పోతున్నదట. ఇంకా ఆరుగురిని దింపే కాడ నిలబెడ్తమన్నా ఒప్పలే. మిగిలింది బండిల పోనీ అన్నరు."

షెడ్డు నడిచింది. గట్టు మీద ఏరకుండా కాపలా పెట్టారు. పట్టా మీద ఆగమ్మ చేతికి అందకుండా డబ్బాలు, ఎముకలు సాగిపోయి చివరి బండిలో పడేవి. అందులో ఆరుగురి కూడు ఉందని ఆమెకు తెలుసు.

ఛత్రినాకలో సత్తెమ్మ గుడిసెకు పోతే తలుపుకు తాడు కట్టి ఉంది. రాళ్లు కొట్టే పనికి పోయిందనీ, ఏ ఊరో చెప్పలేదనీ పక్కింటి చంద్రమ్మ అంది.

"నన్ను అడిగిందా?"

"లేదమ్మా."

ఆగమ్మ ఆ గడపలో చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి పనికి పోయింది.