ముక్కు పక్కన సెగ్గడ్డ

నిశ్చయతాంబూలం ఫొటోల్లో కనబడకూడదని మా నిత్య ముక్కు పక్కన లేచిన సెగ్గడ్డను నేనే పిండాను. వద్దమ్మా అని ఏడ్చినా వినలేదు. నా చేతులు పడిపోను! మూడోనాటికి జ్వరం, తలనొప్పి, ఎడమ కన్ను ఉబ్బి ముందుకొచ్చింది. ఈ ఉదయం కుడి కన్నూ ఉబ్బింది.

కోయంబత్తూరు ఆసుపత్రిలో డాక్టర్ గోకులకృష్ణన్ స్కాన్ చూపించాడు.

"ముక్కు పక్క సిరల్లో రక్తం వెనక్కి కూడా పోతాదమ్మా. అట్లే క్రిములు కంటి వెనకాల కావెర్నస్ సైనస్ అనే సిరల గూటికి చేరి, ఆడ రక్తం గడ్డ కట్టింది. దాన్ని దాటితే మెదడే. మందు ఎక్కిస్తా ఉండాము. సెగ్గడ్డను పిండింది ఎవరు?"



"నేనే, డాక్టర్," అంది మంచం మీంచి నిత్య. "అమ్మ వద్దు వద్దనే చెప్పింది."