రెండు వందల నలభై ఫ్రేములు

నా నోటికి తాళం లేదని మా అక్క చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. తాళమే ఉండి ఉంటే ఈ రోజు మా బావ గోడౌన్‌లో నిలబడి అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ ఉండేవాడు కాదు.

బావ ఇరవై రెండేళ్ళు హైస్పీడ్ కెమెరా నడిపాడు. హైస్పీడ్ అన్నది పేరుకే, ఆ కెమెరా పనంతా నెమ్మదిని చూపించడం. సెకనుకు రెండు వందల నలభై ఫ్రేములు తీసి, వాటిని ఇరవై నాలుగు చొప్పున నడిపిస్తే ఒక్క సెకను పది సెకన్లవుతుంది. సబ్బు బుడగ పగలడం, బూటు కింద బురద చిమ్మడం, ఇలాంటివి ఎవరికి కావాలన్నా ఒకప్పుడు బావ కోసమే ఫోన్లు చేసేవాళ్ళు. నన్ను వేలు పట్టుకుని ఈ లైన్లోకి తెచ్చిందీ ఆయనే. ఇప్పుడు నేను ఒక ప్రకటనల స్టూడియోలో వీడియోలు తయారుచేసే ఏఐ మోడల్‌కు ప్రాంప్టులు రాస్తాను. ఏం కనిపించాలో మాటల్లో రాసిస్తే అది ఎనిమిది సెకన్ల వీడియో చేసి పడేస్తుంది. కెమెరా అక్కర్లేదు, కెమెరామన్ అసలే అక్కర్లేదు. బావ ఏడాదిన్నరగా ఖాళీ.

"నువ్వైనా ఏదో ఒకటి చెయ్యవే," అంది అక్క. "తుడిచిన లెన్సునే మళ్ళీ తుడుస్తూ కూర్చుంటున్నాడు. ఆ మనిషిని అలా చూడలేకపోతున్నా."

మా బాసుని వెనకాల అందరం తొందరాయన అంటాం. కూర్చుని టీ తాగడం ఎవరూ చూడలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి బావ సంగతి చెప్పాను. ఈత కళ్ళద్దాల కంపెనీ ప్రకటన ఒకటి మా మెడ మీద కత్తిలా ఉంది అప్పుడు. ఒక అమ్మాయి ఈతకొలను మీదికి చాచిన డైవింగ్ పలక మీద పరుగెత్తాలి, ఎగరాలి, గాల్లో కాలం నెమ్మదించాలి, నీళ్ళు తాకాక మళ్ళీ మామూలు వేగం రావాలి. దాన్నే స్పీడ్ ర్యాంప్ అంటారు. పది రోజులుగా ఎవరికీ కుదరలేదు.

"శుక్రవారం లోపు మీ బావ ఆ షాట్ తెప్పిస్తే, మోషన్ సూపర్‌వైజర్ అని కుర్చీ వేస్తా. తేకపోతే ఎవరి దారి వాళ్ళది," అన్నాడు తొందరాయన.

సోమవారం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి పెన్ను పెట్టుకుని వచ్చాడు. ఎంతోకాలం తరవాత నున్నగా గడ్డం గీసుకున్నాడు. నా పక్క కంప్యూటర్ ముందు కూర్చుని కెమెరా రిపోర్టు నింపినట్టే రాశాడు: హైస్పీడ్ కెమెరా, సెకనుకు రెండు వందల నలభై ఫ్రేములు, షటర్ ఇంత, లెన్సు ఇంత. మోడల్ ఇచ్చిన వీడియోలో ఆ అమ్మాయి తేనెటీగ కుట్టినట్టు పరుగెత్తి నీళ్ళలో పడింది. వెనక గోడ మీద స్కోరు పలక ఒకటి ప్రత్యక్షమై, దాని మీద 240 అని వెలుగుతోంది. గదిలో వాళ్ళంతా నవ్వారు. బావ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఇంకా నెమ్మది కావాలంటే ఆయన ఎరిగిన దారి ఒకటే, అంకె పెంచడం. నాలుగు వందల ఎనభై చేశాడు. అమ్మాయి ఇంకా పరుగెత్తింది. వెయ్యి చేశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవానికి నేనేం చెప్తానని ఊరుకున్నాను. మంగళవారం మధ్యాహ్నం అంకెలు తీసేసి "వేగంగా, స్లో మోషన్, మళ్ళీ వేగంగా, నెమ్మదిగా కదిలే కెమెరా" అని ఒకే వాక్యంలో గుప్పించాడు. ఈసారి అన్నీ కలిసి ఒకే వేగం అయ్యాయి. పరుగూ ఈదుతున్నట్టే, దూకుడూ ఈదుతున్నట్టే, గట్టు మీద జనం చప్పట్లు కూడా బురదలో కొడుతున్నట్టే ఉన్నాయి. ఎవరో "ఆడలేక మద్దెల ఓడు" అని గొణిగారు. ఆయనకు వినబడింది.

అప్పుడు నాకు తిక్క లేచింది.

"అబ్బా, ఆపు బావా! దీనికి నీ అంకెలు ఎక్కవు. నువ్వు ఎంత రాసినా ఇది ఇచ్చేది సెకనుకు ఇరవై నాలుగే. ఆ అంకె దీనికి మీట కాదు, ఇంకో మాట అంతే. హైస్పీడ్ అంటే పాపం స్పీడే కాబోలనుకుంటోంది."

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "మరి దీనికి ఏం తెలుసే?"

"చూసిన వీడియోలు తెలుసు. నెమ్మదిగా ఉన్నప్పుడు కంటికి ఏం కనిపిస్తుందో చెప్పు. ఒక్కో ముక్కకి ఒకే వేగం చెప్పు. కెమెరా కదలిక వేరే వాక్యంలో చెప్పు, లేకపోతే ఎవరు నెమ్మదో దీనికి తెలీదు."

బావ కళ్ళు మూసుకున్నాడు. తరవాత మొదలుపెట్టాడు, నేను టైపు చేస్తూ పోయాను.

"పాదం వదిలాక కూడా పలక ఊగుతూనే ఉంటుంది, కానీ ఒక్కో ఊపూ లెక్కపెట్టొచ్చు. జడ కొస ఒంటికంటే వెనకపడి లేస్తుంది. మడమ నుంచి జారిన బొట్టు మొదట సాగుతుంది, మెడ సన్నబడుతుంది, తెగాక గుండ్రమై అక్కడే వేలాడినట్టుంటుంది. అంచు పదును, మసక లేదు. వేళ్ళు నీళ్ళని తాకగానే నీళ్ళు పగలవు, ముందు గుంట పడతాయి. తరవాతే చుట్టూ పల్చటి గోడ లేస్తుంది. కెమెరా కదలదు."

ఆయన గొంతు అలా వినక ఎన్నాళ్ళయిందో. గదిలో కీబోర్డులు ఆగిపోయాయి.

పరుగు వేరే ముక్కగా రాయించాడు: మామూలు వేగం, కాళ్ళూ చేతులూ కొంచెం మసకబారాలి. ఆ ముక్క చివరి బొమ్మనే నెమ్మది ముక్కకు మొదటి బొమ్మగా ఇచ్చాం, అతుకు తెలియకుండా. ఆ స్పీడ్ ర్యాంపు మాత్రం మోడల్‌ని అడగొద్దన్నాడు, ఎడిటింగ్‌లో చేసుకుందామన్నాడు. నెమ్మది ముక్క మొదలూ చివరా వేగం పెంచి, నడుమ మెల్లగా దించాం.

"మామూలు ముక్కని సాగదీస్తే పోదా?" అని అడిగాను.

"ఉన్న ఫ్రేములు తీసెయ్యగలం గానీ లేనివి ఎక్కడి నుంచి తెస్తావే మరదలా? సాగదీస్తే కుదుపులొస్తాయి. మధ్యలో యంత్రం ఊహించి అతికిస్తే వేళ్ళు కరిగిపోతాయి. నెమ్మదిని తొందరపెట్టొచ్చు. తొందరని నెమ్మది చెయ్యలేం." వేగం పెంచిన చోట్ల మసక కలపమని కూడా చెప్పాడు, లేకపోతే పరుగు ముక్క పక్కన టకటకలాడుతుందట.

గురువారం సాయంత్రానికి షాట్ వచ్చింది. ఆ బొట్టు వేలాడే చోటు నేను మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశాను. శుక్రవారం పదకొండింటికి కళ్ళద్దాల కంపెనీ వాళ్ళు రెండుసార్లు చూసి సరేనన్నారు. బావ బయట కుర్చీలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అక్కకి మెసేజ్ పెట్టాడని తరవాత తెలిసింది, "అయిపోయినట్టే" అని.

తొందరాయన నన్ను లోపలికి పిలిచాడు. ప్రాంప్టులన్నీ ప్రింటు తీయించి బల్ల మీద పెట్టుకున్నాడు.

"బ్రహ్మాండం. ఇదంతా రాసింది ఎవరు?"

"చెప్పింది బావ, టైపు చేసింది నేను."

"మాటలన్నీ ఇక్కడే ఉన్నాయిగా. మనిషి ఇంకా దేనికి?" అని నా మొహంలోకి చూశాడు. "లేకపోతే చెప్పు. ఇన్నేళ్ళ నుంచి ఉన్నావు, బావ పక్కన లేకపోతే నెక్స్ట్ షాట్ చెయ్యలేవా? చేతకాదంటే ఆయన్నే పెట్టుకుని నిన్ను ఆయన కింద వేస్తా. నాకేం ఇబ్బంది లేదు."

ఆ 'చేతకాదు' అన్న మాట నా నెత్తిన మొట్టినట్టు తగిలింది. ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. ఆయనతోపాటు ఉంటేనే చేతనవుతుంది సార్, అని ఉంటే చాలు. అంకెలు పెట్టి రెండు రోజులు తిప్పలు పడింది ఆయనే కదా, దారి చూపింది నేనే కదా, అని లోపల ఏదో పురుగు లేచింది.

"ఎందుకు చెయ్యలేను సార్? నేను చేస్తాను," అన్నాను.

"అదీ మాట," అని ఆయన లేచిపోయాడు.

బావ చేతిలో చెయ్యి వేసి, పనుంటే పిలుస్తామన్నారు. ఆయన నా వైపు చూసి, "పోనీలేవే, నీ మాట పోలేదు కదా," అన్నాడు. లోపల ఏం జరిగిందో ఆయనకు తెలీదు. నేను చెప్పలేదు. అక్క మాత్రం ఫోన్లో తిట్టిపోసింది, నన్ను కాదు, స్టూడియోని. "ఏరు దాటాక తెప్ప తగలేసే రకం! నువ్వు ఎంత చెప్పి చూశావో పాపం," అంది. నేను ఊ కొట్టాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో లేదు.

రెండు నెలల తరవాత గోడ రంగుల కంపెనీ వచ్చింది. ఎర్ర రంగు బకెట్ ఒరిగి తెల్ల నేల మీద పడాలి, పడే క్షణం నెమ్మదించాలి. బావ మాటలు ఉన్న కాగితం నా దగ్గర ఉందిగా, ధీమాగా కూర్చున్నాను. బొట్టు సాగి, తెగి, గుండ్రమవుతుందని రాశాను. పల్చటి గోడ లేస్తుందని రాశాను. మోడల్ తు.చ. తప్పకుండా ఇచ్చింది. ఎర్రటి నీళ్ళు. పదిసార్లు రాశాను, పదిసార్లూ ఎర్రటి నీళ్ళే. రంగు నెమ్మదిగా పడితే ఎలా ఉంటుందో నేను జన్మలో చూడలేదు.

మధ్యాహ్నం మెట్ల దగ్గరికి వెళ్ళి బావకి ఫోన్ చేశాను. వెనక టేపు చీరుతున్న కరకర చప్పుడు వినిపిస్తోంది.

"రంగా? ఎన్ని ఫ్రేముల్లో?" అని, వెంటనే తనే నవ్వాడు. "సారీ సారీ, నీ దానికి అంకెలు ఎక్కవు కదూ. రాసుకో. రంగు బొట్లుగా విడిపోదు. ముందు నాలుకలా ముందుకొస్తుంది, అంచు లావుగా, గుండ్రంగా. పొర లేస్తే అందులో చిల్లులు పడతాయి, ఆ చిల్లులు పెద్దవై దారాలు మిగుల్తాయి. దారాలు చాలాసేపు తెగవు. కిందపడ్డాక ఎగరదు, తన మీద తనే మడత పడుతుంది." మధ్యలో ఎవరో ఆయన్ని కేకేశారు. "వస్తున్నా అన్నా, ఒక్క నిమిషం," అన్నాడు వాళ్ళతో, గబగబా. మళ్ళీ నాతో, "వచ్చిందో లేదో మెసేజ్ పెట్టు. వీడియో కూడా పంపవే. చూడాలనుంది," అన్నాడు.

ఒక్కసారికే వచ్చింది. ఎర్ర దారాలు గాల్లో వేలాడుతూ, తెగీ తెగకుండా.

తొందరాయన నా కుర్చీ వెనక నిలబడి చూశాడు. మళ్ళీ వేయించుకుని చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక చోట రెండు నిమిషాలు నిలబడ్డాడు.

"అబ్బో! ఆ దారాల సంగతి నీకెలా తట్టింది? మీ బావ లేకపోయినా చేస్తావని ఆ రోజే అనుకున్నా. చేశావా లేదా?"

ఫోన్ నా చేతిలోనే ఉంది. తెర మీద బావ మెసేజ్: 'వచ్చిందా?'

ఫోన్ బోర్లా పెట్టి, "చేశాను సార్," అన్నాను.