చెయ్యి లేని బండి

రాఘవేంద్ర సార్ ఆ కాగితాన్ని ఒకసారి చదివి, కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ చదివాడు.

"తొమ్మిదిన్నర వేలు, పది వారాలు," అన్నాడు. "ఏమ్మా కావ్యా, ఇది ప్రాజెక్టు అంచనానా, పెళ్ళిచూపుల్లో చెప్పే వయసా?"

వెనకాల నిలబడ్డ ముగ్గురూ పగలబడి నవ్వారు. అందులో తమ పేర్లు కూడా ఉన్నాయన్న సంగతి వాళ్ళకు ఆ క్షణాన గుర్తు లేనట్టుంది. కావ్యకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ కాగితం రాసింది తనే. తక్కువ చూపిస్తే సులువుగా ఒప్పుకుంటారని, గీకి గీకి తగ్గించి మరీ రాసింది.

హిందూపురం బయట ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రతి ఏడూ ఆఖరు సంవత్సరం పిల్లల ప్రాజెక్టుల్లో రెండింటికే డిపార్ట్‌మెంటు డబ్బు ఇస్తుంది. మిగతావాళ్ళు సొంతంగా పెట్టుకోవాలి. సొంతంగా అంటే ఏమిటో అందరికీ తెలుసు. బెంగుళూరు బస్సెక్కితే అక్కడ రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలున్నాయి. డబ్బు కడితే రోబోను డబ్బాలో పెట్టి, రిపోర్టు బైండింగు చేసి, వైవాలో ఏం చెప్పాలో కూడా నేర్పి పంపుతారు. కావ్య టీములోని నరేష్ అలాంటి ఒక దుకాణం నంబరు ముందుజాగ్రత్తగా తెచ్చి పెట్టుకున్నాడు.

కావ్యకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. లేపాక్షి దగ్గర పల్లెలో వాళ్ళమ్మ అలివేలమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. షెడ్డులో వరసగా అరలు, అరల నిండా పురుగులు, ఆ పురుగులకు పొద్దునా సాయంత్రం మల్బరీ కొమ్మలు పరచడం. చివరి వారంలోనైతే ఆ తిండికి అంతు ఉండదు, అమ్మ నడుము అమ్మది కాదు. అరల మధ్య తిరుగుతూ వేడీ తేమా కొలిచి, మర చెయ్యితో కొమ్మలు కూడా పరిచే బండి ఒకటి చేసిస్తానని కావ్య రెండేళ్ళ నుంచీ చెప్తోంది. డబ్బు రాకపోతే ఆ బండి లేదు, డబ్బాలోంచి వచ్చిన ఏదో బొమ్మ ఉంటుంది. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపొస్తుంది.

"మోటారు కాలిపోతే ఇంకోటి యాడ రాశావు?" అని అడిగాడు సార్.

"కాలిపోదు సార్."

"బెంగుళూరు నుంచి సామాను రావడానికి ఎన్నాళ్ళు? కొరియరు ఖర్చు ఎవరు పెడతారు? మిడ్ పరీక్షల వారంలో బండికి బోల్టులు బిగించేది ఎవరు, నేనా?"

సార్ కాగితం మడిచి కావ్య చేతిలో పెట్టాడు.

"గురువారం ధనలక్ష్మి మేడం ముందర రివ్యూ. నిజం రాసుకోని రా పో."

ధనలక్ష్మి మేడం డిపార్ట్‌మెంటు హెడ్. ఆమె ముందు తడబడినవాళ్ళ కథలు హాస్టల్లో బాగా చెలామణిలో ఉన్నాయి.

ఆదివారం నలుగురూ పెనుకొండలో రేష్మ ఇంట్లో కలిశారు. నరేష్ ధర్మవరం నుంచి రావాలి, కావ్యా శ్రీకాంతూ హిందూపురం వైపు నుంచి రావాలి కాబట్టి మధ్యలో ఉన్న పెనుకొండ అందరికీ న్యాయం. పైగా రేష్మ వాళ్ళమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తుంది. ఆ కారణం ఎవరూ పైకి అనలేదు.

"ఎవరి పని వాళ్ళే లెక్క వేద్దాం," అంది రేష్మ. ప్రోగ్రాములు రాసేది ఆమే. "ఒకరి చీటీ ఒకరు చూడొద్దు. చూస్తే అందరూ ఒకే అంకెకు తలూపుతాం."

శ్రీకాంత్ వంతు బండి చట్రం, చక్రాలు. నరేష్ మోటార్లు, బ్యాటరీ, ఇంకా అతనికి ప్రాణమైన ఆ చెయ్యి. కావ్య సెన్సర్లు, షెడ్డులో పరీక్ష, రిపోర్టు. చీటీలు రాశారు, మడిచారు, బజ్జీల పళ్ళెం పక్కన పెట్టారు. కావ్య విప్పి కూడింది. కూడి ఇంకోసారి కూడింది.

"నలభై ఒక్క వేలు," అంది. "ఇరవై ఏడు వారాలు."

సెమిస్టరు పదహారు వారాలే.

"అంటే మనం పాసయినాక కూడా కాలేజీకి వస్తాండాల్ల," అన్నాడు శ్రీకాంత్ తాపీగా, ఇంకో బజ్జీ తీసుకుంటూ.

కావ్య నరేష్ చీటీ చేతిలోకి తీసుకుంది. "ఏమప్పా, నాలుగు మోటార్లకు ఇంత దుడ్లా? బంగారంతో చేస్తారా వాటిని?"

నరేష్ తల గోక్కున్నాడు. వాళ్ళ నాయనకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉంది. పుట్టి బుద్ధెరిగాక అతను చూసిన మొదటి ధర ఏదీ అసలు ధర కాదు. "ఎట్లా మేడం సగం కోస్తాది గదా. అందుకే రెండింతలు రాసినా. దినాలు కూడా."

"కోసేది ఆమె, ముందే ఉబ్బించేది నువ్వా?" అని రేష్మ మీదికి వెళ్ళింది కానీ ఎందుకో గొంతు మధ్యలో తగ్గించింది. శ్రీకాంత్ ఆమె వంక అనుమానంగా చూశాడు.

"నువ్వెంత కలిపినావు మే?"

"కొంచెం," అంది రేష్మ. "సగానికి సగం."

శ్రీకాంత్ కూడా వెల్డింగు షాపువాడు ఆలస్యం చేస్తాడని రెండు వారాలు లోపల దాచాడట. అందరూ కావ్య వైపు తిరిగారు. సార్ చేత తిట్లు తిన్న భయంతో ఆమె తన ప్రతి పనికీ కొసరు తగిలించింది. ఆ మాట ఒప్పుకునేసరికి నలుగురికీ నవ్వు ఆగలేదు. రేష్మ వాళ్ళమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ప్రాజెక్టంటే ఇదేనా అని అడిగి వెళ్ళింది.

నవ్వు తగ్గాక అసలు పని మొదలైంది. ఎవరు దాచింది వాళ్ళు బయటికి తీశారు. చెయ్యి సంగతి కాసేపు పక్కన పెట్టి, నిఖార్సయిన ధరలే మిగిల్చి, మొదటి కాగితంలో లేనివి చేర్చారు. రెండు మోటార్లు అదనంగా, ఇంకో కంట్రోలరు బోర్డు, వైర్లు, కొరియరు, పన్ను, రిపోర్టు బైండింగు. పంతొమ్మిది వేల ఆరు వందలు తేలింది. దాని మీద వందకు పదిహేను చొప్పున, అనుకోని ఖర్చు అని పేరు పెట్టి, అందరికీ కనబడేలా ఒక్కచోట రాశారు. మొత్తం ఇరవై రెండున్నర వేలు దాటింది.

ఇక మిగిలింది కాలం. కావ్య అమ్మకు ఫోన్ చేసింది. "మా, మన షెడ్డులో బండి నడిపించి చూడల్ల. ఎప్పుడు రమ్మంటావు?"

"ఎప్పుడంటే అప్పుడు వస్తే ఎట్ల పాపా?" అంది అలివేలమ్మ. "ఇప్పుడుండే పురుగులు గూడు కట్టేదానికి వచ్చినాయి. అయినంక షెడ్డంతా కడిగి బ్లీచింగు కొట్టల్ల. తోటలో ఆకు రావల్ల. దసరా అయినంక మళ్ళా పురుగులు తెస్తాం. ఆ పంట తప్పితే మీ పరీక్షలు కూడా అయిపోతాయి."

పురుగులు పుట్టి పెరిగిన ఇంట్లో పెరిగిన పిల్ల ఆ ముక్క మరిచిపోయి, 'షెడ్డులో పరీక్ష, ఎప్పుడైనా' అని రాసింది! కావ్య తన నెత్తిన తనే మొట్టుకుంది.

కొత్త పురుగులకు నాలుగో జ్వరం, అంటే చివరిసారి చర్మం విడిచే దశ, దాటాక వచ్చే ఆ తిండి వారంలోనే బండి తిరగాలి. కాలెండరు మీద వేలు పెట్టి చూస్తే అది పన్నెండో వారం. దానికి ముందున్న పదకొండు వారాల్లో ఒకటి మిడ్ పరీక్షలకు పోయింది, ఒకటి దసరా సెలవులకు పోయింది. తొమ్మిది మిగిలాయి. క్లాసులూ, రైళ్ళూ, బస్సులూ పోను మనిషి వారానికి ఎనిమిది గంటల కంటే ఎక్కువ ఇవ్వలేడని నలుగురూ నిజాయితీగా ఒప్పుకున్నారు. అంటే నలుగురివీ కలిపి రెండు వందల ఎనభై ఎనిమిది గంటలు. బండి చేయడానికి, చేసినవన్నీ కలిపి పని చేయించడానికి రెండు వందల నలభై. మిగిలేది చెడిపోయినవి బాగుచేసుకోవడానికి.

"చెయ్యికి?" అని అడిగింది కావ్య.

నరేష్ నేల చూపులు చూశాడు. "ఇంకో నూట యాభై. ఉబ్బించినది కాదు మే. నిజంగానే."

చెయ్యి తీసేయాలని ఎవరూ అనలేదు. ఎవరైనా అంటే పోట్లాడటానికి కావ్య సిద్ధంగా ఉంది. ఎవరూ అనకపోవడంతో తనే పెన్ను తీసి చెయ్యి అన్న మాట కొట్టేసింది.

గురువారం రివ్యూలో ధనలక్ష్మి మేడం కాగితాన్ని చివరిదాకా చదివింది. ఎక్కడా కోయలేదు. నరేష్ నమ్మలేక శ్రీకాంత్ చెయ్యి గిల్లాడు.

"బాగుంది," అంది మేడం. "కానీ బండి తిరిగి వేడి కొలిస్తే చూసేవాళ్ళకు ఏముంటుంది? మొదట చెయ్యి కూడా అనుకున్నారంట గదా, రాఘవేంద్ర సార్ చెప్పారు. అది పెట్టండి. ఇంకో పన్నెండు వేలు ఇస్తాను. చెయ్యి రెడీమేడుది కొనేయండి."

అడక్కుండానే ఇస్తోంది! తల ఊపితే చాలు. కాదంటే మేడంకు కోపమొచ్చి ఉన్నదీ పోతుందేమో. కావ్యకు నాలుక చివర దాకా 'సరే మేడం' వచ్చింది.

"చెయ్యి కొంటే వస్తాది మేడం," అంది మెల్లగా. "పురుగులు నలక్కుండా కొమ్మ పరిచేది దానికి నేర్పాల్సింది మేమే. మాకు తక్కువైంది దుడ్లు కాదు మేడం, వారాలు. మేం ఆలస్యం చేస్తే మీరు ఆగుతారు, సార్ ఆగుతారు. పురుగులు ఆగవు, గూడు కట్టేస్తాయి. ఈసారికి చెయ్యి వద్దు మేడం."

రాఘవేంద్ర సార్ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. మేడం కావ్యను ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళలో ఇస్తానన్న డబ్బు వద్దన్న టీము ఇదే," అని సంతకం పెట్టింది. "పన్నెండో వారంలో నేను ఆ షెడ్డుకు వస్తాను. బండి తిరగాల."

"చెప్పులు బయట విడిచి, కాళ్ళు మందునీళ్ళలో ముంచి రావల్ల మేడం," అనేసింది కావ్య, అలవాటు కొద్దీ. మేడం నవ్వింది.

బయటికొచ్చాక ముగ్గురూ ఆమె వీపు మీద చరిచిన చరుపులకు లెక్క లేదు. క్యాంటీనుకు పరుగెత్తారు. కావ్య వెనకబడి, వరండాలో ఒక్కతే నిలబడి అమ్మకు ఫోన్ కలిపింది. ఇంత గెలిచాక కూడా అమ్మకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలే ఉంది.

"మా, దుడ్లు ఇచ్చినారు. కానీ చెయ్యి ఉండదు. కొమ్మలు వేసేది ఈసారికి నువ్వే."

"వేసేది నాకేమన్నా కొత్తా?" అంది అలివేలమ్మ. "రెండేండ్లుగా ఇదిగో అదిగో అంటాండావు. ఆ బండి అయినా చెప్పిన దినానికి వస్తాదా?"

కావ్య ఇంతకుముందు అమ్మకు చాలా తేదీలు చెప్పింది. వాటిలో ఒక్కటి కూడా తను నమ్మి చెప్పింది కాదు.

"వస్తాదిమా," అంది. "పురుగులు నాలుగో జ్వరం లేచిన రోజు పొద్దున, బండి నీ షెడ్డులో ఉంటాది."