ఈత ఆకలి, పిడికెడు గుగ్గిళ్లు

సుభాషిణికి కోపం వస్తే గొంతు పెరగదు, మొండితనం పెరుగుతుంది. కరోనా రెండో వేవ్ తగ్గి సూరత్‌లో ఈతకొలను మళ్లీ తెరవగానే, ఎవరి మాటా వినకుండా టీకా సర్టిఫికెట్ చూపించి ఆడవాళ్ల పొద్దుటి బ్యాచ్‌లో చేరిపోయింది. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి, ఇంట్లో కూర్చుని కూర్చుని డెబ్బై తొమ్మిది కిలోలు అయింది. మోకాళ్లు మొరాయించాయి. ఈత కొడితే మోకాళ్ల మీద బరువు పడదన్నాడు డాక్టరు. చిన్నప్పుడు సిరిసిల్ల దగ్గర పొలం బావిలో అన్నలతో పోటీపడి దూకిన మనిషికి కొత్తగా ఈత నేర్పాల్సిన పని లేకపోయింది.

నెల తిరిగేసరికి మోకాళ్ల నొప్పి తగ్గింది. బరువు మాత్రం అరకిలో పెరిగింది.

"నీళ్లల్ల మునుగుడు, బయటికొచ్చి మెక్కుడు. గిదేం ఈతనే?" అన్నాడు ఆమె భర్త రఘుపతి, పవర్‌లూమ్ షిఫ్టు దిగి వచ్చి. "లింబాయత్ బస్తీ మొత్తం నవ్వుతున్నది. ఇంకో నెల చూస్త. కాంటా దిగకుంటే కొలను బంద్."

నవ్వుతున్నది లింబాయత్ కాదు, రఘుపతే. కానీ మెక్కుడు అన్న మాట నిజం. అందుకే ఆమెకు ఒళ్లు మండింది.

ఆ ఆకలి మామూలు ఆకలి కాదు మరి. చల్లటి నీళ్లలో ముప్పావుగంట ఈది గట్టెక్కితే కడుపులో ఎవరో పొయ్యి ముట్టించినట్టుండేది. గేటు బయటే లోచో బండి. ఆవిరి మీద ఉడికిన మెత్తటి శనగపిండి ముద్ద, దాని మీద నూనె, వెన్న, గుప్పెడు సేవ్, అంటే సన్న కారప్పూస. పక్క లేన్‌లో ఈదే గుజరాతీ ఆవిడ హంసాబెన్ చేయి పట్టుకుని లాక్కెళ్లేది. "ఇంత ఈదాం బెన్, అంతా అరిగిపోతుంది," అని రెండో ప్లేటు చెప్పేది. ఆపైన తియ్యటి చాయ్. నీళ్లలో ఖర్చయిందంతా బండి దగ్గర వడ్డీతో సహా ఒంటికి చేరేది.

"అయితే మొత్తమే తినకు," అంది అత్త నర్సవ్వ. సుభాషిణి మొండిగా అదీ చేసి చూసింది. మూడు రోజులు కడుపు మాడ్చుకుని ఇల్లు చేరింది. మధ్యాహ్నానికి అన్నం కుండ సగం ఖాళీ అయింది, చాలక సేవ్ పొట్లం కూడా విప్పింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగో రోజు శనివారం. అత్త ఒక్కపొద్దుకు ఉడికించిన శనగ గుగ్గిళ్లు పొయ్యి మీద ఉన్నాయి. ఓ పిడికెడు డబ్బాలో వేసుకుని, ఉల్లిగడ్డ తరిగి, నిమ్మకాయ పిండుకుని పోయింది. ఈత అయ్యాక ముందు ఒళ్లు ఆరబెట్టుకుని, ఫ్లాస్కులోని వేడినీళ్లు తాగింది. సగం ఆకలి దాహమూ చలీనేనని అప్పుడు తెలిసింది. తర్వాత గుగ్గిళ్లు ఒక్కొక్కటే నమిలింది. కడుపులో పొయ్యి ఆరిపోయింది. మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు, పప్పుతో కడుపు నిండింది. ఆకలిని చంపడం కాదు, దానికి సరైన తిండి పెట్టాలి!

ఆ తర్వాత ఓ రోజు గుగ్గిళ్లు, ఓ రోజు రెండు ఉడికిన గుడ్లు, ఓ రోజు మొలకెత్తిన పెసలు, గ్లాసు మజ్జిగ. హంసాబెన్ అలిగింది. "ఒక్క ప్లేటుకు లావైపోతావా?"

"ఆదివారం నీతో తింటాను బెన్, ఒకే ప్లేటు. మిగతా రోజులు నా డబ్బా నాది," అంది సుభాషిణి హిందీలో. హంసాబెన్ మూతి ముడుచుకుంది కానీ, మరుసటి వారం తనే చేయి చాపి గుగ్గిళ్లు అడిగింది.

గడువు రోజు రఘుపతి స్వయంగా వెంట వచ్చాడు. దవాఖాన వరండాలో కాంటా మీదికి ఆమె ఎక్కింది. అతను వంగి అంకె చూశాడు, నమ్మలేక ఇంకోసారి ఎక్కమన్నాడు. డెబ్బై ఏడు పాయింట్ ఎనిమిది. కిలోన్నరకు పైనే దిగింది. సుభాషిణికి గంతు వేయాలనిపించింది.

"సరే, దిగింది గదా," అన్నాడు రఘుపతి మాస్కు సర్దుకుంటూ. "ఇగ కొలను బంద్ చేయి. గా గుగ్గిళ్లేవో ఇంట్లనే తిను."

సుభాషిణి కాంటా మీద నుంచి దిగలేదు. లైన్లో నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

"దిగకుంటే బంద్ అంటివి. దిగినంక గూడ బంద్ అంటున్నవు," అంది. "మరి నేను ఎప్పుడు ఈదాలె, జర నువ్వే చెప్పు."

రఘుపతి లైన్లో వాళ్ల వైపు చూసి మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"నీకు తోచినప్పుడు చెప్పు," అంది సుభాషిణి. "పొద్దుగాల ఆరింటికి నేను నీళ్లల్ల ఉంట. గట్టు మీదికొచ్చి చెప్పు."