ముప్పై ఐదు రోజుల ఉయ్యాల

మా మనవరాలు ఫోన్‌లో ఉయ్యాల ఆర్డరు తీసుకుని, ఇరవై రోజుల్లో ఇస్తామని చెప్పేసింది. చెక్కపని ఇరవై రోజుల్లో అయిపోతుంది. రంగు వాసన పోవడానికి మాత్రం ఇంకో పదిహేను రోజులు కావాలి. ఆర్డరు పోతుందేమోనని భయపడుతూనే ఆర్డరిచ్చిన అమ్మాయికి నేనే ఫోన్ చేశాను.

"అమ్మా, ముప్పై ఐదు రోజులు పడుతుంది. వద్దంటే అడ్వాన్సు ఇప్పుడే తిరిగిచ్చేస్తాను."

"అదేంటి తాతగారూ! కాన్పు నెలలోపే. ఇరవై అన్నారుగా?"

"తప్పు మాదే తల్లీ. వాసన పోని ఉయ్యాలలో పసిబిడ్డను పడుకోబెట్టమని ఎలా చెప్పను?"

ఆ అమ్మాయి నవ్వింది.

"సరే, అందాకా నా ఒడే ఉయ్యాల. వారం వారం ఫొటో పెట్టండి."

మనవరాలు గోడమీది పలకలో ఇరవై చెరిపి, ముప్పై ఐదు రాసింది.

"ఇకమీద నిన్నడిగాకే తేదీ చెబుతా తాతా."